ఒక ట్రాన్స్‌ఫార్మర్ వెంట 49 ప్రాసెస్‌లు: ఒక పీఎంపీ ప్రిపరేషన్ కేస్ స్టడీ

ఈ కేస్‌లోని అభ్యర్థి ఎలక్ట్రికల్ ఇంజినీర్. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టు సంస్థలో చాలా ఏళ్లుగా 33/11 కేవీ సబ్‌స్టేషన్లు కట్టించే పని చూస్తున్నారు. పని మీద పట్టుంది, సైట్‌లో మాట చెల్లుతుంది. ప్రాజెక్ట్ మేనేజర్లకి పీఎంఐ అనే సంస్థ ఇచ్చే పీఎంపీ సర్టిఫికేషన్ కోసం ఆఫీసు అయిపోయాక రాత్రిళ్లు కూర్చుని చదివారు. నన్ను కలిసే నాటికి, పీఎంఐ ప్రామాణిక పుస్తకమైన పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌ల పేర్లు వరసగా చెప్పేవారు. ఏ ప్రాసెస్‌కి ఇన్‌పుట్లేమిటి, టూల్స్ ఏమిటి, అవుట్‌పుట్లేమిటి అని రాసుకున్న కార్డుల కట్టలు కూడా ఉన్నాయి. అయినా మాక్ టెస్టుల్లో మార్కులు అరవై శాతం దగ్గరే ఆగిపోయాయి. ఎంత చదివినా అంతకు మించి పెరగడం లేదు.

"సార్, ఇంకా ఏం గుర్తుపెట్టుకోవాలో చెప్పండి" అన్నారు. చదవాల్సిన పుస్తకం ఏదీ మిగిలిలేదు కాబట్టి, తప్పుపోయిన ప్రశ్నలు తీసుకురమ్మన్నాను.

ఆవిడ రాసిన పరీక్ష 2021 జనవరి నుంచి అమలైన రూపంలోది. 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల చొప్పున రెండు విరామాలు. ఒక్కో ప్రశ్నకి సుమారు 76 సెకన్లు వచ్చేవి. ప్రశ్నల్లో 42 శాతం పీపుల్, 50 శాతం ప్రాసెస్, 8 శాతం బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ అనే డొమైన్ల నుంచి వచ్చేవి. దాదాపు సగం ప్రశ్నలు ముందే ప్లాన్ వేసుకుని నడిపే పద్ధతి మీద, మిగతా సగం చిన్న విడతల్లో పని చేస్తూ మార్చుకుంటూ పోయే ఎజైల్, రెండూ కలిపిన హైబ్రిడ్ పద్ధతుల మీద ఉండేవి. పేర్లు అడిగే ప్రశ్నలు చాలా తక్కువ. నాలుగైదు వాక్యాల్లో ఒక పరిస్థితి చెప్పి, "ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ మొదట ఏం చేయాలి?" అని అడుగుతారు. నాలుగు జవాబుల్లో రెండైనా సరైనవిలాగే కనిపిస్తాయి.

తప్పుపోయిన ప్రశ్నల్ని సబ్జెక్టు ప్రకారం కాకుండా, తప్పు జవాబు ఎందుకు నచ్చిందో దాని ప్రకారం వేరు చేయమన్నాను. కాస్ట్, రిస్క్, స్కోప్ అని వేరు చేస్తే అన్నిట్లోనూ తలా కొన్ని తప్పులు కనపడేవి, దాంతో తెలిసేదేమీ ఉండేది కాదు. ఇలా వేరు చేస్తే మాత్రం విషయం బయటపడింది. ఎక్కువ ప్రశ్నల్లో ఆవిడ ఎంచుకున్న జవాబు చేయాల్సిన పనే, కానీ ఆ క్షణాన చేయాల్సినది కాదు. అంటే ఒక మెట్టు ముందుకో వెనక్కో ఉన్న జవాబు. ఇంకొన్నిటిలో పని సరిగ్గానే గుర్తుపట్టారు గానీ, దాన్ని రాసి ఉంచే డాక్యుమెంట్ ఏదో పొరబడ్డారు. పేర్లు రాక పోయిన మార్కులు దాదాపు లేవు. స్టేషన్ల పేర్లన్నీ వరసగా చెప్పగలిగినా, ఏ బండి ఎక్కడ మారాలో తెలియకపోతే ఊరు చేరలేం. ఆవిడ పరిస్థితి సరిగ్గా అదే.

అందుకని కార్డులు పక్కన పెట్టించి, ఆవిడ అప్పుడే పూర్తిచేసిన ఒక సబ్‌స్టేషన్‌ని తీసుకున్నాం. మా ప్రిపరేషన్ మొత్తం దాని మీదే నడిచింది.

మొదట పీఎంబాక్‌లో ఆ 49 ప్రాసెస్‌లని అమర్చిన పట్టికని చదవడం నేర్చుకోవాల్సి వచ్చింది. అడ్డంగా ఐదు ప్రాసెస్ గ్రూపులు: ఇనిషియేటింగ్, ప్లానింగ్, ఎగ్జిక్యూటింగ్, మానిటరింగ్ అండ్ కంట్రోలింగ్, క్లోజింగ్. నిలువుగా పది నాలెడ్జ్ ఏరియాలు, ఇంటిగ్రేషన్‌తో మొదలై స్టేక్‌హోల్డర్‌తో ముగుస్తాయి. నాలెడ్జ్ ఏరియా దేని గురించి ఆలోచిస్తున్నామో చెబుతుంది. ప్రాసెస్ గ్రూపు దానితో ఇప్పుడేం చేస్తున్నామో చెబుతుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ చాలామంది ఈ ఐదు గ్రూపుల్ని ప్రాజెక్టులోని దశలుగా చదువుతారు. ఆవిడా అలాగే చదివారు. సివిల్ పనులు జరిగే దశలోనూ ప్లానింగ్ ఉంటుంది, ఎగ్జిక్యూషన్ ఉంటుంది, ఆ దశని ముగించడమూ ఉంటుంది. ఆ తర్వాత ఎక్విప్‌మెంట్ ఎరెక్షన్ దశలో మళ్లీ ఇవన్నీ ఉంటాయి. దశల పేర్లు ప్రాజెక్టుని బట్టి మారతాయి. ఐదు గ్రూపులు మాత్రం ప్రతి దశలోనూ తిరిగి తిరిగి వస్తాయి. ఇది పట్టుబడకపోతే, "రెండో దశ మొదలైంది, కొత్తగా ఒక గ్రామ పంచాయతీ అభ్యంతరం చెబుతోంది, ఏం చేయాలి?" అన్న ప్రశ్నకి స్టేక్‌హోల్డర్లని గుర్తించే జవాబుని పక్కన పెట్టేస్తాం. అది ఇనిషియేటింగ్‌లోది, ఎప్పుడో అయిపోయిందనుకుంటాం కాబట్టి.

తర్వాత పట్టికలో ఖాళీ గళ్లు చూపించాను. నా మటుకు నిండు గళ్లకన్నా ఖాళీ గళ్లే ఎక్కువ నేర్పుతాయి. ఎగ్జిక్యూటింగ్ కింద స్కోప్‌కి ఏమీ లేదు, షెడ్యూల్‌కి లేదు, కాస్ట్‌కి లేదు. ఎందుకు లేదో ఆలోచించమన్నాను. కాసేపు చూసి ఆవిడే చెప్పారు: "సైట్‌లో ఖర్చు అని విడిగా ఒక పని చేయం కదా సార్. ఫౌండేషన్ వేస్తాం. దానికే డబ్బూ అవుతుంది, రోజులూ పడతాయి." అంతే. స్కోప్, షెడ్యూల్, కాస్ట్ మూడూ కలిసి జరిగే చోటు ఒక్కటే, ఇంటిగ్రేషన్ వరసలో ఉన్న డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్. అందుకే ఆ మూడింటికి ప్లానింగ్‌లో చాలా గళ్లున్నా, కంట్రోల్‌లో ఒకటో రెండో ఉన్నా, ఎగ్జిక్యూటింగ్ ఖాళీగా ఉంటుంది. అలాగే క్లోజింగ్ కింద ఒకే ఒక్క ప్రాసెస్, అది కూడా ఇంటిగ్రేషన్‌లోనే. 49 ప్రాసెస్‌లలో ఇనిషియేటింగ్‌కి 2, ప్లానింగ్‌కి 24, ఎగ్జిక్యూటింగ్‌కి 10, కంట్రోలింగ్‌కి 12, క్లోజింగ్‌కి 1 ఎందుకు వచ్చాయో ఆ ఒక్క సాయంత్రంతో ఆవిడకి అర్థమైంది. ఈ అంకెల్ని విడిగా బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

ప్లానింగ్‌లో 24 ఉండటం చూసి భయపడేవాళ్లు చాలామంది. అందులో ఒక పోలిక పట్టుకుంటే భారం తగ్గుతుంది. ఇంటిగ్రేషన్ తప్ప దాదాపు ప్రతి నాలెడ్జ్ ఏరియా ఒకే రకం ప్రాసెస్‌తో మొదలవుతుంది: ప్లాన్ స్కోప్ మేనేజ్‌మెంట్, ప్లాన్ షెడ్యూల్ మేనేజ్‌మెంట్, ప్లాన్ కాస్ట్ మేనేజ్‌మెంట్. వీటిలోంచి వచ్చే కాగితంలో పని వివరాలుండవు. ఆ పనిని ఎలా నిర్ణయిస్తాం, ఎలా కొలుస్తాం, ఎవరు ఆమోదిస్తారు అన్న నియమాలుంటాయి. స్కోప్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఊసుండదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది స్కోప్ స్టేట్‌మెంట్‌లో, పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి చూపే డబ్ల్యూబీఎస్‌లో, ఆ ముక్కల వివరాలు రాసే డబ్ల్యూబీఎస్ డిక్షనరీలో. ఈ మూడూ కలిసి ఆమోదం పొందితే స్కోప్ బేస్‌లైన్, అంటే తర్వాత పనిని పోల్చి చూసుకునే ప్లాన్. "కాంట్రాక్టర్‌కి ఫెన్సింగ్ పని తన కిందకు వస్తుందో రాదో సందేహం వచ్చింది, ప్రాజెక్ట్ మేనేజర్ ఏం చూడాలి?" అంటే స్కోప్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అన్న జవాబు అందంగా కనిపిస్తుంది. చూడాల్సింది స్కోప్ స్టేట్‌మెంట్ లేదా డిక్షనరీ. డాక్యుమెంట్ దగ్గర పొరబడిన ప్రశ్నల్లో ఎక్కువ ఈ రకానివే.

ఇక అసలు పని. సబ్‌స్టేషన్‌లోని 5 ఎంవీఏ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఒక వస్తువుగా తీసుకుని, అది పట్టికలో ఏయే గళ్ల గుండా వెళ్తుందో రాయమన్నాను. పేర్లు తరవాత, ముందు సైట్‌లో ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆవిడ చెప్పిన వరస ఇది. ప్లింత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించారు, ఆయిల్ నింపారు, బుషింగ్‌లకి కనెక్షన్లిచ్చారు. వాళ్ల సొంత టెస్టింగ్ టీమ్ వచ్చి మెగ్గర్‌తో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూసింది, ఆయిల్ బీడీవీ చూసింది, రేషియో టెస్ట్ చేసింది. రీడింగులన్నీ పరిమితుల్లో ఉన్నాయి. తర్వాత డిస్కం ఇంజినీర్లు వచ్చి చూసి, ఒప్పందంలో రాసిన దానితో సరిచూసుకుని సంతకం పెట్టారు. చివరికి అంతా అప్పగించారు.

ఇప్పుడు పేర్లు పెట్టాం. ఎక్కించడం డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్. అక్కడి నుంచి బయటికి వచ్చేది డెలివరబుల్. సొంత టీమ్ టెస్టులు కంట్రోల్ క్వాలిటీ. అక్కడి నుంచి బయటికి వచ్చేది వెరిఫైడ్ డెలివరబుల్. డిస్కం వాళ్ల పరిశీలన, సంతకం వ్యాలిడేట్ స్కోప్. అక్కడి నుంచి వచ్చేది యాక్సెప్టెడ్ డెలివరబుల్. అప్పగింత క్లోజ్ ప్రాజెక్ట్ ఆర్ ఫేజ్. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, కానీ ప్రతి గడి దాటేసరికి దాని హోదా మారుతోంది. మూడు వేరు వేరు నాలెడ్జ్ ఏరియాల్లో విడివిడిగా కార్డుల మీద రాసుకున్నవి ఒకే వస్తువు చేసే ప్రయాణమని ఆవిడకి అప్పుడు కనపడింది. ఒక దాని అవుట్‌పుట్ ఇంకొకదాని ఇన్‌పుట్ ఎందుకవుతుందో ఇక బట్టీ పట్టక్కర్లేదు.

ఈ వరస తెలిస్తే పరీక్షలో ఒక పెద్ద రకం ప్రశ్నలు తేలికవుతాయి. "టీమ్ పరీక్షలన్నీ పూర్తిచేసింది, లోపాలు లేవు. ఇప్పుడేం చేయాలి?" అంటే జవాబు కస్టమర్‌తో ఆమోదం తీసుకోవడం. ప్రాజెక్ట్ ముగించడం తొందరపాటు, మళ్లీ క్వాలిటీ చూడటం వెనక్కి పోవడం. ఆవిడకి ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వచ్చింది. డిస్కం ఇంజినీర్లు కూడా రీడింగులే చూస్తారు కదా, మరి అది క్వాలిటీ ఎందుకు కాదు? చూసే పని ఒకటే కావచ్చు, అడిగే ప్రశ్న వేరు. కంట్రోల్ క్వాలిటీ "ఇది సరిగ్గా ఉందా?" అని అడుగుతుంది. వ్యాలిడేట్ స్కోప్ "మేం అడిగింది ఇదేనా, దీన్ని ఒప్పుకుంటామా?" అని అడుగుతుంది. టెస్టులన్నీ పాసైన ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఒప్పందంలో అడిగిన కెపాసిటీ కాకపోతే రెండో చోట ఆగిపోతుంది.

దాన్నుంచే ఇంకో జంట తేలింది, మేనేజ్ క్వాలిటీ, కంట్రోల్ క్వాలిటీ. ఆ సబ్‌స్టేషన్‌లో ఎర్తింగ్ పిట్ల రెసిస్టెన్స్ మొదటిసారి ఎక్కువ వచ్చింది. ఒక పిట్ రీడింగ్ ఎక్కువుందని పట్టుకుని, సరిచేయమని రాయడం కంట్రోల్ క్వాలిటీ. ఒక పిట్ తర్వాత ఇంకో పిట్ అలాగే వస్తుంటే, మనం పిట్లు నింపే పద్ధతిలోనే ఏదో తేడా ఉందని కూర్చుని కారణం వెతకడం, పద్ధతి పాటిస్తున్నారో లేదో ఆడిట్ చేయడం మేనేజ్ క్వాలిటీ. మొదటిది వస్తువుని చూస్తుంది, కంట్రోలింగ్‌లో ఉంటుంది. రెండోది పని చేసే తీరుని చూస్తుంది, ఎగ్జిక్యూటింగ్‌లో ఉంటుంది. ప్రశ్నలో "మళ్లీ మళ్లీ", "ఒకే రకం లోపం" లాంటి మాటలు కనిపిస్తే ఆవిడ రెండోవైపు చూడటం మొదలుపెట్టారు.

ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత రెండో ప్రయాణం ఒక మార్పుది. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పట్టింది, ఎందుకంటే ఇక్కడ ఆవిడ అనుభవమే అడ్డొచ్చింది.

పని సగంలో ఉండగా డిస్కం నుంచి ఒక ఇంజినీర్ సైట్‌కి వచ్చి, ఇంకో 11 కేవీ ఫీడర్ బే కూడా వేయమన్నారు. సైట్‌లో ఏం చేశారని అడిగాను. "పెద్దాయన అడిగారు, కాదనలేం. పని మొదలుపెట్టేశాం, లెటర్ తర్వాత తెప్పించుకున్నాం" అన్నారు. మన దగ్గర చాలా సైట్లలో ఇలాగే జరుగుతుంది, దాన్ని తప్పుపట్టడానికి కూర్చోలేదు. కానీ పరీక్ష ఒక నియమం ప్రకారం జవాబు కోరుతుంది, ఆ నియమం వెనక కారణం తెలిస్తే గుర్తుంటుంది. ఒక బే పెరిగితే బ్రేకర్ ఒకటి, కేబుల్, సివిల్ పని, రిలే ప్యానెల్‌లో చోటు, కంట్రోల్ రూం కొలతలు, అన్నీ కదులుతాయి. స్కోప్ వరసలో వచ్చిన చిన్న మాట షెడ్యూల్, కాస్ట్, ప్రొక్యూర్‌మెంట్, రిస్క్ వరసల్లోకి పాకుతుంది. పట్టికలో పది వరసలున్నది అందుకే. వాటన్నిటి మీదా ఒకేసారి చూపు పెట్టగలిగే వరస ఇంటిగ్రేషన్ ఒక్కటే కాబట్టి, మార్పు మీద నిర్ణయం ఆ వరసలోని పెర్ఫార్మ్ ఇంటిగ్రేటెడ్ చేంజ్ కంట్రోల్‌లోనే జరగాలి.

కాబట్టి వరస ఇలా నడుస్తుంది. ఎవరైనా అడగొచ్చు, నోటి మాటగా కూడా అడగొచ్చు, కానీ దాన్ని కాగితం మీద పెట్టాలి. ప్రాజెక్ట్ మేనేజర్ టీమ్‌తో కలిసి ఏయే వరసల మీద ఏం ప్రభావం పడుతుందో లెక్కేయాలి. ఆ లెక్కతో చేంజ్ రిక్వెస్ట్ చేంజ్ కంట్రోల్ బోర్డుకి, లేదా చేంజ్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో అధికారం ఎవరికుంటే వాళ్లకి వెళ్తుంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చేంజ్ లాగ్‌లో రాస్తారు, అడిగినవాళ్లకి చెబుతారు. ఒప్పుకుంటే బేస్‌లైన్లు మారతాయి, పని మళ్లీ డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్‌కి వస్తుంది. అక్కడ పూర్తయ్యాక మార్పు సరిగ్గా జరిగిందో లేదో కంట్రోల్ క్వాలిటీ చూస్తుంది. అంటే ఫీడర్ బే కూడా ట్రాన్స్‌ఫార్మర్ నడిచిన దారిలోనే పడుతుంది. రెండు ప్రయాణాలూ అక్కడ కలిసిపోవడం కాగితం మీద గీసుకుని చూసినప్పుడు, ఇక ఆవిడకి పట్టిక ఒక పట్టికలా కనిపించలేదు, పని నడిచే మార్గంలా కనిపించింది.

పరీక్షలో దీని మీద ప్రశ్నలన్నీ ఒకేలా ఉండవు. "మొదట ఏం చేయాలి?" అన్న ప్రశ్నలో ఇప్పటిదాకా ఏం జరిగిందో చెప్పే వాక్యం ఒకటి ఎక్కడో దాగి ఉంటుంది. కస్టమర్ అడిగారని మాత్రమే ఉంటే, మొదటి పని ప్రభావం లెక్కేయడం. ప్రభావం లెక్కేశారని ఉంటే, రిక్వెస్ట్ బోర్డుకి పంపడం. బోర్డు ఒప్పుకుందని ఉంటే, ప్లాన్లు సరిచేసి టీమ్‌కి చెప్పడం. జవాబులన్నీ అవే, ప్రశ్నలోని ఆ ఒక్క వాక్యాన్ని బట్టి సరైనది మారుతుంది. ఆవిడ పోగొట్టుకున్న మార్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. అందుకని జవాబులు చూడకముందే, "ఈ మార్పు ఇప్పుడు ఏ గడిలో నిలబడి ఉంది?" అని ప్రశ్న పక్కన ఒక్క మాటలో రాసే అలవాటు చేయించాను. మొదట్లో ఒక్కో ప్రశ్నకి రెండు మూడు నిమిషాలు పట్టేది. అది సహజమే, తొందరపెట్టలేదు. కొన్ని వారాల తర్వాత రాయకుండానే చూసేవారు, సమయం కూడా కుదురుకుంది.

ఈ మార్గం మొత్తానికి ఒక షరతు ఉంది. బేస్‌లైన్ ఆమోదం కాకముందు, అంటే ఇంకా ప్లాన్ తయారవుతున్నప్పుడు, బే పెంచాలంటే ఇంత తంతు అక్కర్లేదు, ప్లాన్‌లో రాసేసుకోవచ్చు. ప్రశ్నలో "స్కోప్ స్టేట్‌మెంట్ తయారు చేస్తుండగా" అని ఉంటే చేంజ్ కంట్రోల్ బోర్డు అన్న జవాబు తప్పు.

మూడో ప్రయాణం అంకెలది. కంట్రోల్ రూం సివిల్ పని బడ్జెట్ 60 లక్షలు. ఒక తేదీకి సగం పని అవ్వాలి, అంటే ప్లాన్ ప్రకారం 30 లక్షల పని. అయింది 40 శాతం, అంటే 24 లక్షల విలువ. బిల్లులు చూస్తే ఖర్చు 32 లక్షలు. సైట్ నుంచి వచ్చిన "40 శాతం అయింది, 32 లక్షలు ఖర్చయింది" అనేది వర్క్ పెర్ఫార్మెన్స్ డేటా. అది ఉత్త సంఖ్య, మంచో చెడో చెప్పదు. జరిగిన పని విలువ EV, ప్లాన్ ప్రకారం కావాల్సిన పని విలువ PV, అయిన ఖర్చు AC, మొత్తం బడ్జెట్ BAC. డేటాని ప్లాన్ పక్కన పెడితే:

```
CPI = EV / AC = 24 / 32 = 0.75
SPI = EV / PV = 24 / 30 = 0.80
EAC = BAC / CPI = 60 / 0.75 = 80
```

ఇప్పుడది ఇన్ఫర్మేషన్. పెట్టిన ప్రతి రూపాయికి ముప్పావలా పని జరుగుతోంది, ఇలాగే సాగితే 60 లక్షల పనికి 80 లక్షలవుతుంది. ఈ పోలిక కంట్రోల్ కాస్ట్స్, కంట్రోల్ షెడ్యూల్ గళ్లలో జరుగుతుంది. ఇలా అన్ని వరసల నుంచి వచ్చిన ఇన్ఫర్మేషన్‌ని ఒకచోట చేర్చి, నిర్ణయం తీసుకునేవాళ్లకి అర్థమయ్యేలా రాసేది మానిటర్ అండ్ కంట్రోల్ ప్రాజెక్ట్ వర్క్. అక్కడ పుట్టేది రిపోర్ట్. డేటా ఎగ్జిక్యూటింగ్‌లో పుడుతుంది, ఇన్ఫర్మేషన్ ఒక్కో నాలెడ్జ్ ఏరియా కంట్రోల్ గడిలో తయారవుతుంది, రిపోర్ట్ ఇంటిగ్రేషన్‌లో. ఈ మూడు పదాలూ కార్డుల మీద చాలా చోట్ల కనిపించి ఆవిడని తికమక పెట్టేవి. సూత్రాలు మాత్రం బట్టీ పట్టాల్సిందే, అందులో మొహమాటం లేదు. EV, PV, AC అంటే ఏమిటో తెలిస్తే సూత్రం దానంతటదే వస్తుందనుకుంటాం గానీ, నాలుగో గంటలో అలసటతో ఉన్నప్పుడు భిన్నంలో ఏది పైన ఏది కింద అని ఆలోచించే ఓపిక ఉండదు.

కార్డులతో పోలిస్తే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, అది కూడా చెప్పాలి. మూడు ప్రయాణాలూ బాగా వంటబట్టాక ఆవిడ ప్రతి ప్రశ్ననీ వాటిలోకి లాగడం మొదలుపెట్టారు. మార్కులు డెబ్బై దాటాయి, మళ్లీ ఆగాయి. ఈసారి తప్పుల్ని వేరు చేసి చూస్తే అవన్నీ ఎజైల్ ప్రశ్నలు. "స్ప్రింట్ మధ్యలో కస్టమర్ కొత్త ఫీచర్ అడిగారు" అంటే ఆవిడ చేంజ్ రిక్వెస్ట్, బోర్డు అని జవాబు కొడుతున్నారు. అక్కడ ఆ కోరిక చేయాల్సిన పనుల జాబితా అయిన ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లోకి వెళ్తుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో ప్రొడక్ట్ ఓనర్ నిర్ణయిస్తారు. ఎందుకీ తేడా? సబ్‌స్టేషన్‌లో స్కోప్ ముందే గట్టిగా కట్టేసి ఉంటుంది, కదిలిస్తే డబ్బు, టైమ్ కదులుతాయి, అందుకే కాపలా. ఎజైల్‌లో టైమ్, టీమ్ కట్టేసి ఉంచి స్కోప్‌ని వదులుగా ఉంచుతారు, కాబట్టి మార్పుకి బోర్డు అక్కర్లేదు, వరస మార్చుకుంటే చాలు. మిగతావి చాలావరకు అలాగే ఉంటాయి. స్ప్రింట్ రివ్యూలో కస్టమర్ చూసి ఒప్పుకోవడం వ్యాలిడేట్ స్కోప్ చేసే పనే. అందుకని ప్రశ్న చదవగానే మొదటి నిర్ణయం ఇదిగా పెట్టుకున్నారు: ఇక్కడ కట్టేసి ఉన్నది స్కోపా, టైమా? స్ప్రింట్, బ్యాక్‌లాగ్ లాంటి మాటలు లేకపోయినా ఈ ప్రశ్నతో చాలాసార్లు తేలిపోయేది.

పీపుల్ డొమైన్‌లో పట్టిక సాయం ఇంకా తక్కువ. ఇద్దరు టీమ్ సభ్యుల మధ్య గొడవ, మాట్లాడని స్టేక్‌హోల్డర్, వేరే దేశంలో ఉన్న టీమ్, ఇలాంటి ప్రశ్నలు ఆవిడ రాసిన పరీక్షలో 42 శాతం ఉండేవి. వీటికి డెవలప్ టీమ్, మేనేజ్ టీమ్ అన్న గళ్లున్నా, సరైన జవాబు గడి వల్ల తేలదు. ముందు మాట్లాడి కారణం తెలుసుకోవడం, తన స్థాయిలో పరిష్కరించగలిగింది స్పాన్సర్ దాకా తీసుకెళ్లకపోవడం లాంటి ఆలోచన కావాలి. దానికి విడిగా ప్రశ్నలు చేయించాను, ప్రాసెస్‌ల ఊసెత్తకుండా.

ఇంకో విషయం. పీఎంబాక్ ఏడో ఎడిషన్ 2021లో వచ్చినప్పుడు పట్టిక పోయింది, దాని స్థానంలో 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్లు వచ్చాయి. దాంతో చాలామంది ప్రాసెస్ గ్రూపులు ఇక చదవక్కర్లేదనుకున్నారు. పీఎంఐ తర్వాత ప్రాసెస్ గ్రూపుల మీద విడిగా ప్రాక్టీస్ గైడ్ ఇచ్చింది. పైగా పరీక్షకి ఆధారం ఏ ఒక్క పుస్తకమూ కాదు, పీఎంఐ ప్రకటించే ఎగ్జామ్ కంటెంట్ ఔట్‌లైన్. అది కొన్నేళ్లకొకసారి మారుతుంది. డొమైన్ల శాతాలు అందులోంచే చూసుకోవాలి, పాత కోచింగ్ నోట్సులోంచి కాదు.

చివరి వారాల్లో ఆవిడ చేసింది రెండే పనులు. రోజూ ఒక తెల్ల కాగితం మీద పట్టిక గీసి, పేర్లు నింపకుండా, ఆ రోజు సైట్‌లో జరిగిన ఒక సంఘటన ఏ గడిలో మొదలై ఏ గడిలో ముగిసిందో బాణాలు గీసేవారు. కాంట్రాక్టర్ కేబుల్ ఆలస్యంగా పంపాడంటే కంట్రోల్ ప్రొక్యూర్‌మెంట్స్ దగ్గర మొదలై, షెడ్యూల్, రిస్క్ వరసల మీదుగా పోయేది. బాణం ఎక్కడ ఆగిపోయిందో, ఆ గడి గురించి మాత్రమే పుస్తకం తెరిచేవారు. రెండోది, పూర్తి మాక్ టెస్ట్ ఒకే బిగిన రాసి, తప్పు జవాబుల్నే కాదు, ఊహించి కొట్టి సరైపోయిన వాటిని కూడా మొదట్లో చేసినట్టే వేరు చేయడం. ఊహించి కొట్టి నెగ్గిన ప్రశ్నలు తర్వాతి టెస్ట్‌లో తప్పుపోతుండటం చూశాక దానికి పట్టుబట్టాను.

ఆవిడ పాసయ్యారు. పీఎంఐ మార్కులివ్వదు, ఒక్కో డొమైన్‌కి ఎబవ్ టార్గెట్, టార్గెట్, బిలో టార్గెట్, నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అనే నాలుగు స్థాయిల్లో ఒకటి చెబుతుంది. ఆవిడకి ప్రాసెస్‌లో ఎబవ్ టార్గెట్, మిగతా రెంటిలో టార్గెట్ వచ్చాయి. ఎజైల్ తేడాని మేము మధ్యలో కాకుండా మొదటి వారంలోనే తీసుకుని ఉంటే మార్కులు డెబ్బై దగ్గర అంతకాలం ఆగేవి కావని నా అంచనా. ఇప్పుడు నా దగ్గర చదువుతున్న ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్‌తో అలాగే మొదలుపెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఒక పేమెంట్ స్క్రీన్ తీసుకుని, దాన్ని ఒకసారి పట్టిక గుండా, ఇంకోసారి బ్యాక్‌లాగ్ గుండా పక్కపక్కనే నడిపించి గీయిస్తున్నాను.